గడ్డివాము ఇంటికి దూరం – ఎంత దూరం? ఎవరి జాగాలో?

యాసంగి కోతలు ముగిసి ఎండలు ముదిరే వేళ, కథలాపూర్ మండలంలోని ఏ గ్రామసభకు వెళ్లినా సర్పంచ్ నోట వినిపించే మాట ఒకటుంది. "అవ్వలారా, అన్నలారా! గడ్డివాము ఇంటికి ఆనిచ్చి వెయ్యకుండ్రి. కట్టెలు గోడకు పేర్వకుండ్రి. జర దూరం జరుపుండ్రి." జనం తలలూపుతారు. కారోబార్ ఆ మాటను తీర్మానాల పుస్తకంలో రాసుకుంటాడు. సభ ముగుస్తుంది. మరునాడు పొలం నుండి వచ్చిన గడ్డి ట్రాక్టరు ఎప్పటిలాగే కొట్టం పక్కన ఆగుతుంది.

సర్పంచ్ చెప్పినది తప్పు మాట కాదు. కాని అది సగం మాట. దూరం అంటే ఎన్ని అడుగులు? ఏ దిక్కున? ఎవరి జాగాలో? ఈ మూడింటికి జవాబు చెప్పనంత కాలం ఉపన్యాసం ఉపన్యాసంగానే మిగిలిపోతుంది. 2024 ఫిబ్రవరి నుండి దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో గడిచాయి. 2025 డిసెంబరు ఎన్నికలతో ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. కనుక ఈ సగం మాటను పూర్తి చేయవలసిన బాధ్యత ఇప్పుడు వారిదే.

ముందుగా మన ఊళ్లలో గడ్డి ఇంటి దగ్గరికి ఎందుకు వచ్చిందో గమనించాలి. ఎడ్లతో బంతి కట్టి వరి తొక్కించిన రోజుల్లో కల్లం ఊరి బయట ఉండేది. గడ్డి కల్లం దగ్గరే వామై నిలిచేది. అవసరమైన కొద్దీ మోపు కట్టి ఇంటికి తెచ్చుకునేవారు. హార్వెస్టరు వచ్చాక కల్లం పోయింది. కోసిన మడిలోనే యంత్రంతో గడ్డిని కట్టలు చుట్టించి, ఒకే రోజున ఏడాది గడ్డినంతా ట్రాక్టరులో ఇంటికి చేరవేస్తున్నారు. ఊరి బయట నాలుగు చోట్ల చెదిరి ఉండవలసిన గడ్డి ఇప్పుడు ఊరి నడుమ, ఇళ్ల సందుల్లో పేరుకుంటున్నది.

అందులో ఎంత గడ్డి ఉంటుందో లెక్క చూడండి. ఒక బర్రె రోజుకు సుమారు 7, 8 కిలోల ఎండుగడ్డి తింటుంది. ఏడాదికి రెండున్నర టన్నులకు పైమాట. రెండు బర్రెలున్న ఇంట్లో 5 టన్నుల గడ్డి నిలువ ఉండాలి. ఐదు టన్నుల ఎండుగడ్డి అంటే ఐదు టన్నుల వంటచెరకు కిందే లెక్క. దానిని పడక గదికి ఎనిమిది అడుగుల దూరంలో పెట్టుకుని ఆ ఇంటివారు నిద్రపోతున్నారు.

నిప్పు ఎక్కడి నుండి వస్తుందని కొందరు అడుగుతారు. వామును ఎవరో పగబట్టి కాల్చారని అనుమానించడం సులభమే. కాని నిప్పుకు పగ అక్కరలేదు. తెల్లవారి పొయ్యి ఊడ్చి, బూడిదను పెంటకుప్ప మీద పోయడం ఇంటింటా ఉన్న అలవాటు. పైకి తెల్లగా చల్లారినట్టు కనిపించే బూడిద లోపల కట్టె నిప్పు ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా బతికి ఉంటుంది. మధ్యాహ్నం సుడిగాలి లేస్తే ఆ కణికలు వాము మొదట్లోకి దొర్లుతాయి. తాగి పారేసిన బీడీ ముక్క పని కూడా అంతే. పొలాల్లో వరి కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు గట్టు దాటి రావడం మరో దారి.

కరెంటు తీగ సంగతి వేరుగా చెప్పుకోవాలి. అల్యూమినియం తీగ ఎండకు సాగి కిందికి వేలాడుతుంది. గాలికి రెండు తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడు కరిగిన లోహపు ముత్యాలు నిప్పురవ్వలై రాలుతాయి. కింద ఖాళీ నేల ఉంటే అవి ఆరిపోతాయి, గడ్డి ఉంటే అంటుకుంటుంది. గడ్డి లోడు ట్రాక్టరు తీగకు తగిలి బండి మీదే తగలబడటం కూడా ఈ వేలాడే తీగల వల్లనే. కనుక తీగల కింద ఎన్నడూ వాము వేయరాదు. తీగ గీతకు రెండు పక్కలా కనీసం 20 అడుగులు వదలాలి. వేలాడే తీగ కనిపిస్తే లైన్‌మన్‌కు చెప్పాలి, లేదా 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.

ఇక నాలుగో కారణం చాలామంది నమ్మనిది. తడి గడ్డి తనంతట తానే వేడెక్కి కాలిపోగలదు. ఏప్రిల్, మే నెలల్లో చెడగొట్టు వానకు తడిసిన గడ్డిని పూర్తిగా ఎండనీయకుండా కట్టలు చుట్టి గట్టిగా పేరిస్తే లోపల బూజు పెరుగుతుంది. ఆ బూజు వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక పేరుకుంటుంది. మొదటి రెండు మూడు వారాలు, కొన్నిసార్లు ఆరు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది.

దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కరలేదు. గడ్డి చుట్టించే ముందు పిడికెడు తీసుకుని మెలి తిప్పి చూడాలి. పుటుక్కున విరిగితే ఎండినట్టు. తాడులా మెత్తగా వంగితే ఇంకో ఎండ కావాలి. వాము వేసిన తరువాత వారానికి రెండుసార్లు పొడవాటి ఇనుప చువ్వను నడుమ దాకా గుచ్చి, పావుగంట ఉంచి తీసి పట్టుకోవాలి. గోరువెచ్చగా ఉంటే గడ్డి విప్పి ఎండబెట్టాలి. పిడికిట పట్టుకోలేనంత కాలితే, బెల్లం మాడిన వాసన గాని పొగాకు వాసన గాని వస్తే, వామును చేతులతో విప్పరాదు. విప్పగానే గాలి సోకి లోపలి నిప్పు మంటగా లేస్తుంది. పశువులను తప్పించి, నీళ్లు సిద్ధం చేసుకుని, అగ్నిమాపక సిబ్బందిని పిలిపించాలి.

కట్టెలది మరో దోషం. పత్తికట్టె, కందికట్టె సన్నగా, ఎండి, నడుమ గాలి ఆడేటట్టు ఉంటాయి కనుక ఇట్టే అంటుకుంటాయి. వాటిని వానకు తడవకుండా చూరు కిందే పేరుస్తారు. అంటే నేల మీది నిప్పును కప్పు దాకా ఎక్కించే నిచ్చెనను ఆ ఇంటివారే గోడకు వేసుకుంటున్నారన్న మాట. వాము దూరం జరిపి కట్టెలను చూరు కింద వదిలితే పని సగమే అయినట్టు.

ఇప్పుడు ఒక ఇల్లు ఉన్నదనుకోండి. గుంటెడు జాగా. తూర్పున గూనపెంకుటిల్లు. దానికి పడమర కొట్టం, అందులో రెండు బర్రెలు, ఒక దూడ. కొట్టానికి ఆనుకుని వాము. ఇంటి గోడకు, కొట్టానికి నడుమ చూరు కింద పత్తికట్టె. వాము పక్కనే పెంటకుప్ప. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, పడమటి గాలి. ఇంట్లో ఒక ముసలవ్వ, ఇద్దరు పిల్లలు.

పెంటకుప్ప మీది కణిక వామును చేరుతుంది. మొదటి నిమిషాల్లో పొగ ఎవరికీ కనిపించదు. కనిపించేసరికి వాము ఒక పక్కంతా అంటుకుని ఉంటుంది. పడమటి గాలి మంటను తూర్పుకు, అంటే సరిగ్గా కొట్టం మీదికి వంచుతుంది. కొట్టం కప్పు అంటుకున్నాక కింద కట్టేసి ఉన్న పశువుల మీద నిప్పులు రాలతాయి. ఆ పక్క పత్తికట్టె అంటుకుని ఇంటి చూరును పట్టుకుంటుంది. పెంకు కాలదు, కాని పెంకు కింది వాసాలు, బద్దలు కాలుతాయి. వంటింట్లో గ్యాసు సిలిండరు ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలలో ఇంతా జరిగిపోతుంది. అగ్నిమాపక వాహనం పట్టణం నుండి బయలుదేరి మండలంలోని మారుమూల పల్లెకు చేరడానికి అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది. అది తెచ్చే నీళ్లు కూడా మామూలుగా 4,500 లీటర్లు. ఐదు టన్నుల గడ్డి నిప్పును పూర్తిగా చల్లార్చడానికి అవి చాలవు. పక్క ఇళ్లను కాపాడటానికే సరిపోతాయి.

స్లాబు ఇల్లు గనుక భయం లేదనుకోవడం కూడా పొరపాటే. స్లాబు కాలదు నిజమే. కిటికీ, తలుపు, పరుపులు, బియ్యం బస్తాలు, కాగితాలు కాలుతాయి. అంతకన్నా ముందు పొగ గదుల్లో నిండుతుంది. మనిషిని మంట కన్నా ముందు చంపేది పొగే.

తరువాత వచ్చే సాయం సంగతి కూడా రైతు తెలుసుకోవాలి. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సాయం లెక్క ప్రకారం పాలిచ్చే బర్రె చనిపోతే 37,500 రూపాయలు, కాలిపోయిన గుడిసెకు 8,000 రూపాయలు, ఇంటికి ఆనుకుని ఉన్న పశువుల కొట్టానికి 3,000 రూపాయలు. మంచి ముర్రా బర్రె ధర ఎంతో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పోయినదానికి, వచ్చేదానికి పొంతన ఉండదు.

అయితే దూరం ఎంత? పది అడుగుల ఎత్తు వాము పూర్తిగా అంటుకుంటే పక్కన నిలబడటం మాట అటుంచి, వేడికి దగ్గరలోని ఎండు కట్టె కూడా పొగలు కక్కుతుంది. ఆ వేడిని, గాలికి వంగే మంటను కలిపి చూస్తే ఇంటికి, కొట్టానికి వాముకు నడుమ కనీసం 60 అడుగుల ఎడం కావాలి. ఎగిరే నిప్పురవ్వ 60 అడుగుల దగ్గర ఆగదు. అందుకే దూరంతో పాటు దిక్కు కూడా చూడాలి. ఈ ప్రాంతంలో ఎండాకాలపు వడగాలి ఎక్కువగా పడమటి నుండి వస్తుంది. కనుక వాము ఇళ్లకు తూర్పున ఉంటే రవ్వలు ఊరికి ఎడంగా పోతాయి. పడమరన ఉంటే ఊరి మీద పడతాయి. బరువు నైరుతిలో ఉండాలన్న వాస్తు మాట పట్టుకుని కొందరు వామును ఇంటికి ఆ మూలనే వేస్తున్నారు. ఎండాకాలపు గాలికి అది ఎదురు మూల. ఇంటి హద్దు దాటి గడ్డిని బయట పెట్టినప్పుడు ఇక వాస్తు చింత కూడా ఉండదు.

ఇక్కడే సర్పంచ్ ఉపన్యాసానికి అసలు చిక్కు వస్తుంది. గుంట అంటే 121 గజాలు. చదరంగా కొలిస్తే 33 అడుగులకు 33 అడుగులు. గుంట జాగాలో ఇల్లు, కొట్టం ఉన్న మనిషి 60 అడుగుల దూరం ఎక్కడి నుండి తెస్తాడు? మూల నుండి మూలకు కొలిచినా 47 అడుగులు దాటదు. సభలో వెనక కూర్చున్న ముసలవ్వ "ఏడ పెట్టుమంటవు బిడ్డా, నీ ఇంటి ముందట పెట్టన్నా?" అని అడిగితే నలుగురూ నవ్వుతారు. కాని ఆమె అడిగినదే అసలు ప్రశ్న. పెద్ద దొడ్డి ఉన్నవారికి సర్పంచ్ మాట సలహా అవుతుంది. గుంట జాగా వారికి, కాలనీలో 60, 70 గజాల ఇల్లు ఉన్నవారికి అది నింద అవుతుంది.

జవాబు రెండు విధాలుగా ఉంది. సొంత పొలం ఉన్నవారు ఏడాది గడ్డిని పొలం దగ్గరే, బోరుకు సమీపంలో, కరెంటు తీగలకు ఎడంగా వేసుకోవచ్చు. వాము చుట్టూ పది అడుగుల వెడల్పు పట్టీని దున్ని, గడ్డీ గాదం లేకుండా ఉంచితే పక్కవారు కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు అక్కడ ఆగుతుంది. పొలం లేనివారికి, దూర పొలం వారికి పంచాయతీయే ఊరికి తూర్పున ఒక ఉమ్మడి జాగా చూపించాలి. దాని లెక్క కూడా కష్టమైనది కాదు. ఒక్కో వాముకు 15 అడుగుల చదరం, వాముకూ వాముకూ నడుమ 25 అడుగుల ఖాళీ. అంటే ఒక్కో వాముకు 40 అడుగుల చదరం, సుమారు గుంటన్నర. ఇరవై కుటుంబాలకు 30 గుంటలు చాలు. ఎకరం కూడా అక్కరలేదు.

ఆ నడిమి ఖాళీని మాత్రం ఎవరూ ఆక్రమించకుండా చూడాలి. ఎడం లేకుండా ఇరవై వాములు ఒకచోట చేరిస్తే ఒక్క బీడీ ముక్కతో ఊరి మేతంతా పోతుంది. అది ఇంటి దగ్గర పెట్టుకున్నదానికన్నా కీడు. జాగా చెరువు శిఖంలో గాని, తీగల కింద గాని ఉండకూడదు. ఒక బోరు గాని, నీళ్ల తొట్టి గాని దగ్గరలో ఉండాలి. ట్రాక్టరు, అవసరమైతే అగ్నిమాపక వాహనం లోపలికి వచ్చే బాట ఉండాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి కూర్చోవాలి. కోతలకు ముందు కూర్చునే సభలో ఈ జాగాను తేల్చి, ముగ్గు పోసి, వాము వాముకు గుర్తు రాయి పాతించాలి. గడ్డి ఇంటికి చేరిన తరువాత చెప్పిన మాట ఎవరూ వినరు. ఎత్తిన గడ్డిని మళ్లీ ఎత్తాలంటే కూలి కావాలి.

"దూరం వెడితే దొంగలు పడరా? రాత్రి వానలో మేత ఎవరు తేవాలె?" అన్న ఆడవారి ప్రశ్న కూడా న్యాయమైనదే. గడ్డి మోసేది ఎక్కువగా వారే. దీనికి పాతకాలపు పద్ధతే మందు. ఏడాది గడ్డి దూరంగా, వారం గడ్డి ఇంటి దగ్గర. రెండు బర్రెలకు రోజుకు 16 కిలోలు, వారానికి 112 కిలోలు. ఇరవై కిలోల కట్టలైతే ఆరు. వారానికి ఒకసారి ఎడ్ల బండి మీదనో, ఆటో మీదనో ఆరు కట్టలు తెచ్చుకోవడం పెద్ద పని కాదు. కట్టెలు కూడా వారానికి సరిపడా ఒకటి రెండు మోపులే ఇంటి దగ్గర ఉండాలి. అవి గోడకు తగలకుండా, చూరు కింద కాకుండా, రాళ్ల మీద పేర్చి, పైన రేకు కప్పాలి. ఆరు కట్టల గడ్డి అంటుకున్నా నాలుగు బిందెల నీళ్లతో, నలుగురు మనుషులతో ఆర్పవచ్చు. ఐదు టన్నుల వామును అలా ఆర్పలేరు. దూరం అన్న మాటకు అసలు అర్థం ఇదే. దొంగల భయానికి ఉమ్మడి జాగాలో ఒక దీపం, వంతుల కాపలా పెట్టుకోవచ్చు.

బూడిదకు ప్రతి ఇంటా మూరెడు లోతు గుంత తవ్వి, పోసినప్పుడల్లా చెంబెడు నీళ్లు చల్లితే ఒక కారణం పూర్తిగా తొలగిపోతుంది. దీనికి తీర్మానం కూడా అక్కరలేదు.

ఇంత చేసినా నిప్పు అంటుకుంటే ముందు చేయవలసినది పశువులను విప్పడం, వామును ఆర్పడం కాదు. పలుపు ఒక్క గుంజుతో ఊడే ముడి వేసి ఉండాలి. గట్టి పీటముడి పొగలో విప్పడం సాధ్యం కాదు, అందుకని కొట్టం గుంజకు ఒక కొడవలి వేలాడదీయాలి. విప్పిన పశువును దూరంగా తోలి కట్టేయాలి, లేకుంటే బెదిరి మళ్లీ కొట్టం వైపే రావచ్చు. 101కి గాని 112కు గాని ఫోను చేసి ఊరి పేరు, మండలం పేరు, బాట గుర్తు చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కరెంటు ఆపించడానికి లైన్‌మన్‌కు చెప్పాలి. తీగలు ఉన్నచోట కరెంటు ఆగకముందు నీళ్లు కొట్టరాదు. ఉన్న నీళ్లను మండే వాము మీద పోసి వృథా చేయకుండా, గాలి పోయే దిక్కున ఉన్న ఇళ్ల కప్పులను, కొట్టాలను తడపాలి. మంట ఆరిన వాములో నిప్పు రోజుల తరబడి ఉంటుంది కనుక కాపలా తీసేయరాదు.

ఇది పల్లెల ముచ్చటే కాదు. 1666 సెప్టెంబరులో లండన్ నగరం నాలుగు రోజులు కాలింది. ఒక రొట్టెల బట్టీలో పుట్టిన నిప్పు పక్కనే ఒక సత్రం దొడ్డిలో ఉన్న ఎండుగడ్డి మీద రవ్వలు పడటంతో పెచ్చరిల్లి 13,000 ఇళ్లను మింగింది. ఆ తరువాతనే అక్కడ ఇళ్లు ఇటుకతో, రాతితో కట్టాలని, సందులు వెడల్పు చేయాలని చట్టం వచ్చింది. ఒక్క మాటతో ఊరుకోక కొలతలు రాసి పెట్టారు కనుకనే అది అమలైంది.

కథలాపూర్ మండలంలో సర్పంచులు చేయవలసినది కూడా అంతే. "దూరం పెట్టుండ్రి" అన్న మాటకు 60 అడుగులన్న కొలత, తూర్పు అన్న దిక్కు, 30 గుంటల జాగా చేర్చి తీర్మానాల పుస్తకంలో రాయించాలి. ఆ జాగాలో మొదటి వాము సర్పంచ్‌దే పడాలి. అప్పుడు వెనక కూర్చున్న ముసలవ్వ "ఏడ పెట్టుమంటవు బిడ్డా" అని మళ్లీ అడగవలసిన అవసరం ఉండదు.